సగటు ఒకటే, ఊళ్లు మాత్రం వేరు

"మేడమ్, ఎనిమిదో తరగతికి వాతావరణం, శీతోష్ణస్థితి పాఠం చెప్పాలి. గ్రాఫులు, పట్టికలు పిల్లల చేతే చదివించాలని ఉంది. పోయినసారి ఒక ఊరి ఉష్ణోగ్రతల గ్రాఫ్ ఇచ్చి ఏం అర్థమైందో రాయమంటే 'జూలైలో ఎక్కువ, జనవరిలో తక్కువ' అని రాసి పెన్నులు కింద పెట్టేశారు. ఆ తర్వాత ఏం అడగాలో నాకే తోచలేదు. ఈసారి రెండు పీరియడ్లు ఉన్నాయి. ఎలా ప్లాన్ చేసుకోమంటారు?"

పిల్లలు సరిగ్గానే రాశారండీ. ఒక్క ఊరి గ్రాఫ్ చేతికిచ్చి ఏం కనిపిస్తోందంటే ఎక్కువ ఎక్కడ, తక్కువ ఎక్కడ అన్నది తప్ప చెప్పడానికి అందులో ఇంకేముంటుంది, నాకిచ్చినా అదే రాస్తాను. కాబట్టి ప్రశ్నల కంటే ముందు డేటా మార్చండి. పక్కపక్కన పెడితే పిల్లలు వాదించుకునేలాంటి రెండు ఊళ్లు కావాలి.

నేను వాడే జత శాన్ ఫ్రాన్సిస్కో, విచిటా. రెండూ అమెరికాలోనివే, రెండూ దాదాపు 37.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి, కాకపోతే మొదటిది పసిఫిక్ సముద్రం ఒడ్డున, రెండోది ఖండం నడిమధ్యలో. పేర్లు మాత్రం మొదటి రోజు చెప్పకండి. పేరు తెలిస్తే పిల్లలు పట్టిక చూడటం మానేసి ఆ ఊరి గురించి ఎక్కడో విన్నది రాస్తారు. "క ఊరు", "చ ఊరు" అని ఇవ్వండి చాలు.

నెలవారీ సగటు ఉష్ణోగ్రతలు ఇవీ (డిగ్రీల సెల్సియస్, 1991–2020 సగటులు, దశాంశాలు తీసేసినవి):

| నెల | క ఊరు | చ ఊరు |
|---|---|---|
| జనవరి | 11 | 1 |
| ఫిబ్రవరి | 12 | 3 |
| మార్చి | 13 | 9 |
| ఏప్రిల్ | 14 | 14 |
| మే | 14 | 19 |
| జూన్ | 15 | 25 |
| జూలై | 16 | 27 |
| ఆగస్టు | 16 | 27 |
| సెప్టెంబర్ | 17 | 22 |
| అక్టోబర్ | 17 | 15 |
| నవంబర్ | 14 | 8 |
| డిసెంబర్ | 11 | 2 |

క అంటే శాన్ ఫ్రాన్సిస్కో, చ అంటే విచిటా. మీరు వేరే చోట చూస్తే ఒక డిగ్రీ అటూ ఇటూ కనిపించవచ్చు, ఊరి మధ్యలో ఉన్న స్టేషన్‌కీ విమానాశ్రయంలో ఉన్న స్టేషన్‌కీ ఆ మాత్రం తేడా ఉంటుంది. ఏదైనా పర్లేదు కానీ రెండు ఊళ్లకూ ఒకే 30 ఏళ్ల లెక్క తీసుకోండి.

మొదటి పీరియడ్ పట్టికతోనే మొదలుపెట్టండి, గ్రాఫ్ అప్పుడే ఇవ్వద్దు. గ్రాఫ్ ముందే ఇస్తే గీత ఆకారం చూసి ఏదో ఒకటి చెప్పేస్తారు, అంకెల దాకా పోరు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా పట్టిక చూడమనండి. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: ఏడాది మొత్తం మీద ఏ ఊరు వేడి ఊరు? చేతులెత్తించి, ఎంతమంది ఏ ఊరికో బోర్డు మీద రాయండి. సాధారణంగా ఎక్కువమంది చ అంటారు, 27 కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి. కొందరు జనవరి చూసి క అంటారు. ఇప్పుడు లెక్క వేయమనండి. క ఊరి పన్నెండు అంకెలూ కూడితే 170, చ ఊరివి కూడితే 172. పన్నెండుతో భాగిస్తే రెండూ 14 దగ్గరకే వస్తాయి.

అప్పుడు క్లాసులో గోల మొదలవుతుంది. మొదలవ్వనివ్వండి. "నేను తప్పు కూడానేమో" అని రెండోసారి కూడేవాళ్లు ఉంటారు, "అయితే రెండూ ఒకటేనా టీచర్" అని అడిగేవాళ్లూ ఉంటారు. మనకు కావలసింది ఆ రెండో మాటే. ఒకటే అనిపించే రెండు ఊళ్లు ఎందుకు ఒకటి కాదో ఆ పట్టికలోంచే అంకెలు తీసి చూపించమనండి. ఐదారు నిమిషాల్లో ఎవరో ఒకరు పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తారు: క ఊళ్లో 17లోంచి 11 తీస్తే 6, చ ఊళ్లో 27లోంచి 1 తీస్తే 26. దీన్నే వార్షిక ఉష్ణోగ్రతా వ్యత్యాసం అంటారని అప్పుడు చెప్పండి. పేరు ముందే బోర్డు మీద రాసి నిర్వచనం చెప్పి ఉంటే అది కంఠస్థం చేయాల్సిన ఇంకో లైను అయ్యేది, ఇప్పుడు వాళ్లు కనిపెట్టిన దానికే పేరు దొరికినట్టవుతుంది.

ఇక గ్రాఫ్. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకుండా ఉంటారు. మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు రెండు గ్రాఫులూ కంప్యూటర్‌లో గీసి ప్రింట్ తీసి పంచాను. చూడటానికి శుభ్రంగా ఉన్నాయి. "ఏ ఊళ్లో ఋతువుల తేడా ఎక్కువ?" అంటే సగం క్లాసు "రెండూ సమానం" అని రాసింది, ఒక బెంచీ మొత్తం "క ఊళ్లోనే ఎక్కువ" అంది. నాకు చిరాకు వేసింది, పట్టిక అంత స్పష్టంగా ఉంటే ఇదేమిటని. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్ దేని గ్రాఫ్‌కు దాని కొలమానం వేసేసింది, క ఊరి నిలువు అక్షం 10 నుంచి 18 దాకా, చ ఊరిది 0 నుంచి 30 దాకా. ఆరు డిగ్రీల తేడా ఒక కాగితం మీద ఎంత ఎత్తు లేచిందో, ఇరవై ఆరు డిగ్రీల తేడా ఇంకో కాగితం మీద ఇంచుమించు అంతే ఎత్తు లేచింది. పిల్లలు గీతల్ని సరిగ్గానే చూశారు, చూడకుండా వదిలేసింది అక్షాన్ని. నేనూ చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

కాబట్టి రెండు పనులు చేయండి. గ్రాఫ్ పిల్లల చేతే గీయించండి, రెండు ఊళ్లూ ఒకే గ్రాఫ్ కాగితం మీద, నిలువు అక్షం 0 నుంచి 30, ఒక్కో గడికి 2 డిగ్రీలు, రెండు రంగుల పెన్సిళ్లు. పదిహేను నిమిషాలు పడుతుంది, ఆ సమయం దండగ కాదు, ఎందుకంటే చుక్క పెట్టినవాడికి ఆ చుక్క అర్థమేమిటో చెప్పనక్కర్లేదు. అది అయిపోయాక నా పాత తప్పుడు గ్రాఫుల జత లాంటిది కావాలనే చూపించి, "ఇవీ అవే అంకెలు, మరి ఇలా ఎందుకున్నాయి?" అని అడగండి. గూగుల్ షీట్స్‌లో చేస్తుంటే చార్ట్ ఎడిటర్‌లో `Customize` లోపల `Vertical axis` దగ్గర `Min`, `Max` అని రెండు పెట్టెలుంటాయి. మంచి గ్రాఫ్‌కు రెండు ఊళ్లకూ 0, 30 టైప్ చేయండి. మోసం చేసే గ్రాఫ్ కావాలంటే క ఊరికి మాత్రం 10, 18 ఇవ్వండి. ఈ ఒక్క జత చూసిన పిల్లలు తర్వాత ఏ గ్రాఫ్ ఇచ్చినా ముందు పక్కనున్న అంకెలు చూస్తారు. అందరూ అని అనను, చాలామంది చూస్తారు.

గీసిన గ్రాఫ్‌లో రెండు గీతలూ రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుతాయి, ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబర్ దాటి అక్టోబర్‌కు వెళ్లే దారిలో ఇంకోసారి. ఏప్రిల్ దగ్గర ఆగండి. వాతావరణానికీ శీతోష్ణస్థితికీ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు, అందుకే నేను నిర్వచనాల్ని ఇక్కడిదాకా తీసుకురాను. ఏప్రిల్‌లో రెండు ఊళ్ల సగటూ 14. ఇప్పుడడగండి: "అయితే ఏప్రిల్ 10న చ ఊళ్లో ఎంత ఉంటుంది?" ముప్పావు క్లాసు 14 అంటుంది.

ఆ 14 ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ల చేతే లెక్క వేయించండి. 30 ఏళ్లు, ఏడాదికొక ఏప్రిల్, ఏప్రిల్‌కు 30 రోజులు, అంటే 900 రోజులు కలిపి తీసిన ఒక్క అంకె అది. అందులో పగలూ రాత్రీ కూడా కలిసిపోయాయి. ఆ 900 రోజుల్లో చ ఊళ్లో గడ్డకట్టే చలి రాత్రులూ ఉంటాయి, 30 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాలూ ఉంటాయి, క ఊళ్లో మాత్రం చాలా రోజులు ఆ 14 చుట్టుపక్కలే తిరుగుతాయి. ఫలానా ఏప్రిల్ 10న ఎలా ఉందన్నది వాతావరణం. ఆ 900 రోజులూ కలిపి ఆ ఊరు ఏప్రిల్‌లో మామూలుగా ఎలా ఉంటుందో, ఎంతెంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పేది శీతోష్ణస్థితి. శీతోష్ణస్థితి అంటే సగటు మాత్రమే అని పిల్లలు రాసుకుంటే సగమే రాసుకున్నట్టు, ఆ ఊగడం కూడా అందులో భాగమే. పాఠ్యపుస్తకాల్లో 30 ఏళ్లని ఎందుకుంటుందని తెలివైనవాళ్లెవరైనా అడుగుతారు. ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టుకున్న ప్రామాణిక కాలం అది, ఒకటి రెండు విపరీతమైన సంవత్సరాలు మొత్తం లెక్కను తమవైపు లాగేయకుండా ఉండాలంటే అన్నేళ్లు కావాలి.

ఇక్కడ మన భాషలో ఒక చిక్కుంది, పిల్లల తప్పు కానిది. పుస్తకంలో రోజువారీ స్థితికి వాతావరణం, దీర్ఘకాలపు తీరుకు శీతోష్ణస్థితి అని రాస్తారు. అదే పిల్లాడు వార్తల్లో "వాతావరణ మార్పులు" అని చదువుతాడు, అక్కడ చెబుతున్నది శీతోష్ణస్థితి గురించి. భూమి చుట్టూ ఉన్న గాలి పొరనూ వాతావరణమే అంటాం. ఒకే మాట మూడు పనులు చేస్తోంది. ఈ సంగతి దాచకుండా చెప్పేయండి, ఆ మూడు వాడుకలూ మూడు వాక్యాల్లో బోర్డు మీద రాసి ఏది దేని గురించో పిల్లల్నే చెప్పమనండి, మూడు నిమిషాల పని. లేకపోతే పరీక్షలో నిర్వచనం ఒప్పు, ఉదాహరణ తప్పు రాస్తారు, మనకేమో ఎందుకు తప్పారో అర్థం కాదు.

సగటు గురించి ఇంకొక్క మాట. జూలైలో 27 చూసి "అంత వేడేం కాదే" అనేవాళ్లుంటారు. ఆ ఊళ్లో జూలై పగటి గరిష్ఠం సగటున 33–34 డిగ్రీలుంటుంది, రాత్రి చల్లదనంతో కలిపేసరికి 27 అయింది. పట్టిక పైన "నెలవారీ సగటు" అని రాసి ఉన్న లైను చదివించకపోతే ఈ పొరపాటు తప్పదు. అందుకే పట్టిక ఇవ్వగానే అంకెల జోలికి పోకుండా ముందు శీర్షిక, కొలత, ఏ కాలానిది, ఈ మూడూ గట్టిగా చదివిస్తాను.

రెండో పీరియడ్‌లో ఊళ్ల పేర్లు చెప్పి, పటంలో చూపించి, "ఎందుకు?" అని అడగాలి. కానీ దానికి ముందు ఒక గీత గీయాలి. ఉష్ణోగ్రతల గ్రాఫ్‌లో సముద్రం ఎక్కడా లేదు. చ ఊళ్లో తేడా ఎక్కువ అన్నది గ్రాఫ్ చెప్పేది, సముద్రానికి దూరం కాబట్టి ఎక్కువ అన్నది మనం బయటి నుంచి తెచ్చేది. పిల్లలు ఈ రెండూ కలిపేసి "సముద్రం దగ్గర ఉందని గ్రాఫ్ చూపిస్తోంది" అని రాస్తారు. నోటుబుక్కులో పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టించి, ఎడమవైపు "అంకెల్లో ఉన్నది", కుడివైపు "నేను అనుకుంటున్న కారణం" అని రాయించండి. కుడివైపు రాసిన ప్రతి కారణానికీ ఎడమవైపు ఏ అంకె దన్నుగా ఉందో బాణం గుర్తు వేయమనండి. బాణం వేయలేకపోతే అది ఇంకా ఊహే.

కారణం మీరు చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే వేడి, ఒక కిలో ఇసుకకు పట్టేదానికి దాదాపు ఐదు రెట్లు. పైగా సముద్రంలో ఆ వేడి లోతుకు కలిసిపోతుంది, నేల మీద పైపొరలోనే ఉండిపోతుంది. అందుకే సముద్రం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది, నేల గబగబా వేడెక్కి గబగబా చల్లారుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో మీదికి గాలులు ఎక్కువగా సముద్రం వైపు నుంచే వస్తాయి కాబట్టి సముద్రం స్వభావం ఊరికి అంటుకుంటుంది. విచిటా చుట్టూ ఎటు చూసినా వందల కిలోమీటర్లు నేలే.

ఇంతటితో వదిలేయొచ్చు, కానీ పట్టికలో ఇంకో చిక్కు ప్రశ్న ఉంది, చురుకైన పిల్లలకు అది ఇవ్వండి. చ ఊళ్లో వేడి నెలలు జూలై, ఆగస్టు. క ఊళ్లో సెప్టెంబర్, అక్టోబర్. ఎండ జూన్‌లో గట్టిగా ఉంటే వేడి సెప్టెంబర్‌లో ఏమిటి? సముద్రం ఆలస్యంగా వేడెక్కుతుందన్నది సగం జవాబు. మిగతా సగం ఏమిటంటే, ఆ ఒడ్డున వేసవిలో గాలుల వల్ల లోతులోని చల్లటి నీళ్లు పైకొస్తాయి, ఆ చల్లటి నీటి మీద గాలి చల్లబడి పొగమంచు ఏర్పడి ఊరి మీదికి వస్తుంది. వేసవి చివరికొచ్చేసరికి అది తగ్గి ఎండ కాస్తుంది. "సముద్రం దగ్గర అంటే తేడా తక్కువ" అని ఒక్క లైను బట్టీ పట్టినవాళ్లకు ఈ ప్రశ్న బాగా అడ్డం పడుతుంది, పడాలనే పెట్టాను.

వర్షపాతం ఈ పీరియడ్‌లోనే తేవాలి, అయితే పన్నెండు నెలలూ అక్కర్లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో జనవరిలో దాదాపు 110 మిల్లీమీటర్లు, జూలైలో దాదాపు సున్నా. విచిటాలో తిరగబడుతుంది, జనవరిలో 20 మిల్లీమీటర్ల చుట్టూ, మే, జూన్‌లలో నెలకు 120 పైన. ఈ అంకెలిచ్చి, ఉష్ణోగ్రత గ్రాఫ్ పక్కన పెట్టుకుని, వాన ఏ ఊళ్లో చల్లటి నెలల్లో పడుతోంది, ఏ ఊళ్లో వేడెక్కే నెలల్లో పడుతోంది అని అడగండి. ఇది కాస్త కష్టం, రెండు డేటాలను ఒకేసారి పట్టుకోవాలి, కాబట్టి జంటలుగా చేయించండి.

ఆ తర్వాతే క్లైమోగ్రాఫ్ చూపించండి, అదే, వర్షం బార్లుగా, ఉష్ణోగ్రత గీతగా, ఎడమవైపు ఒక అక్షం, కుడివైపు ఇంకో అక్షం ఉండేది. చాలామంది టీచర్లు పాఠం దీనితోనే మొదలుపెడతారు, నా ఉద్దేశంలో అది తొందరపాటు. పిల్లలు గీతను చూసి వర్షం అక్షం మీద అంకె చదువుతారు, జనవరి ఉష్ణోగ్రత 110 అని రాసినవాళ్లను నేనే చూశాను. ఇంకొందరు గీత బారు కంటే పైన ఉంది కాబట్టి ఆ నెల వర్షం కంటే ఉష్ణోగ్రత ఎక్కువ అంటారు, డిగ్రీలను మిల్లీమీటర్లతో పోల్చలేమన్నది వాళ్లకు తట్టదు. దీనికి చిన్న చిట్కా: గీతా, దాని అక్షం, అక్షం మీది అంకెలు ఎర్ర రంగుతో, బార్లూ వాటి అక్షం నీలం రంగుతో దిద్దించండి. రంగు చూసి అక్షం వెతుక్కుంటారు. బార్ల తలల్ని కలిపి గీత గీసేవాళ్లు కనిపిస్తే ఆపి అడగండి, జనవరి వానకూ ఫిబ్రవరి వానకూ మధ్యలో ఆ గీత మీదున్న చోట ఎంత వాన పడినట్టని. నెల మొత్తం వర్షం ఒక కుప్ప, రెండు కుప్పల మధ్య విలువ ఏమీ ఉండదు. ఉష్ణోగ్రత మాత్రం ఒక నెల నుంచి ఇంకో నెలకు మెల్లగా మారుతుంది కాబట్టి దానికి గీత నప్పుతుంది.

చివరి ఎనిమిది నిమిషాలు ఒక చీటీ రాయించండి. ప్రశ్న ఇది: "ఒకతను 'ఈ ఏప్రిల్‌లో విచిటాలో ఒక వారం 5 డిగ్రీలే ఉంది, అంటే మీ పట్టిక తప్పు' అన్నాడు. రెండు మూడు వాక్యాల్లో జవాబివ్వండి, పట్టికలోంచి కనీసం రెండు అంకెలు వాడాలి." చీటీలు చూడటానికి పావుగంట పట్టదు, మూడు కుప్పలుగా పడతాయి. "వాతావరణం వేరు, శీతోష్ణస్థితి వేరు" అని మాత్రమే రాసినవాళ్లు నిర్వచనం నేర్చుకున్నారు, డేటా ముట్టుకోలేదు. "ఏప్రిల్ సగటు 14, 5 తక్కువ కాబట్టి ఆ వారం చలిగా ఉంది" అన్నవాళ్లు అంకె చదివారు కానీ ఆ మనిషికి జవాబివ్వలేదు. "14 అనేది 30 ఏళ్ల ఏప్రిల్‌ల సగటు, ఒక వారం 5 ఉన్నా మిగతా రోజులు దాన్ని పైకి లాగుతాయి. పైగా ఈ ఊళ్లో మార్చి సగటు 9, మే సగటు 19, ఏప్రిల్ వీటి మధ్యలో ఉంది కాబట్టి నెల మొదట్లో చలి ఉంటే ఆశ్చర్యమేమీ లేదు" అని రాసేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. రెండో కుప్ప పెద్దదైతే తర్వాతి క్లాసులో ఆ 900 రోజుల లెక్క దగ్గరికే వెనక్కి వెళ్లండి. మొదటి కుప్ప పెద్దదైతే పట్టిక, నిలువు గీత కొట్టిన ఆ పేజీ మళ్లీ బయటికి తీయించండి.